పదహారు పాయింట్లు ఎక్కడి నుంచి వచ్చాయి?
ఒక వినియోగదారుల సంతృప్తి నివేదికను లోపలికంటా చదివితే

అమెరికాలో శాన్ ఫ్రాన్సిస్కో అఖాతం చుట్టూ ఉన్న ఊళ్లను కలుపుతూ తిరిగే రైళ్ల పేరు బార్ట్. బే ఏరియా ర్యాపిడ్ ట్రాన్సిట్ అన్నదానికి పొడి పేరు. 1972లో మొదలైంది. ఫ్రీమాంట్, డబ్లిన్, ప్లెజంటన్ వైపు ఉండే తెలుగు కుటుంబాలకు ఇది బాగా తెలిసిన రైలు. ఈ సంస్థ రెండేళ్లకోసారి తన ప్రయాణికుల మధ్య సంతృప్తి సర్వే చేయించి, నివేదికను అందరికీ అందుబాటులో పెడుతుంది. మార్కులు తగ్గిన ఏడాది కూడా దాచిపెట్టదు.

ఆ మార్కులు ఇలా నడిచాయి. 2012లో ప్రయాణికుల్లో 84 శాతం మంది సంతృప్తిగా ఉన్నామన్నారు. 2014లో అది 74కి, 2016లో 69కి, 2018లో 56కి దిగింది. టికెట్ లేకుండా గేట్లు దూకి వెళ్లేవాళ్లు, ఇళ్లు లేక స్టేషన్లలోనే తలదాచుకునేవాళ్లు, బోగీల్లో అపరిశుభ్రత, భద్రత లేదన్న భయం, ఊపిరాడని రద్దీ అప్పట్లో ప్రయాణికులు గట్టిగా చెప్పిన ఫిర్యాదులు. ఆ తర్వాత 2020లో మార్కు ఉన్నట్టుండి 72కి ఎక్కింది. రెండేళ్లలో పదహారు పాయింట్లు.

ఏ సంస్థకైనా ఇది పండగ చేసుకోవలసిన వార్తే. కానీ ఆ ఏడాది ఏది? కోవిడ్ ఏడాది. ఆఫీసులు మూతపడి, రైళ్లెక్కేవాళ్ల సంఖ్య మామూలు రోజులతో పోలిస్తే దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోయిన కాలం. అప్పుడు పెరిగిన ఈ పదహారు పాయింట్లలో సంస్థ పనితనం ఎంత, ఖాళీ సీట్ల పుణ్యం ఎంత, అసలు అభిప్రాయం చెప్పిన మనుషులే మారిపోవడం వల్ల వచ్చింది ఎంత? సంతృప్తి నివేదిక చదవడం తెలుసా లేదా అన్నది ఈ ప్రశ్న దగ్గరే తేలిపోతుంది. జవాబు వెతకాలంటే మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో ఉన్న మార్కును కాసేపు పక్కన పెట్టి, చాలామంది తిరగేసి వదిలేసే చివరి పేజీలకు వెళ్లాలి.

ఎవరిని అడిగారు?

ఆ చివరి పేజీల్లో నమూనా వివరణ ఉంటుంది. బార్ట్ సర్వేలో ముందుగానే కొన్ని రైళ్లను ఎంపిక చేసుకుంటారు. సర్వే సిబ్బంది ఆ రైలెక్కి, అనుకున్న బోగీలో ఉన్నవాళ్లందరికీ ఫారాలు పంచి, నింపిన వాటిని వెనక్కి తీసుకుంటారు. కోవిడ్‌కు ముందు ఒక్కో విడతలో ఇలా ఐదు వేల పైచిలుకు ఫారాలు వచ్చేవి. ఫారం ఇంగ్లిషులో, స్పానిష్‌లో, చైనీస్‌లో దొరుకుతుంది.

చూడడానికి మామూలుగా కనిపించే ఈ పద్ధతిలో ఒక సంగతి దాగి ఉంది. రైల్లో అడుగుతున్నారు కాబట్టి, ఎక్కువసార్లు రైలెక్కేవాళ్లు ఎక్కువగా దొరుకుతారు. రోజూ ఆఫీసుకు వెళ్లివచ్చే మనిషి నెలకు నలభై సార్లు ఎక్కితే, నెలకోసారి విమానాశ్రయానికి వెళ్లివచ్చే మనిషి రెండుసార్లు ఎక్కుతాడు. సర్వే వాళ్ల కంట్లో పడే అవకాశం మొదటివాడికి ఇరవై రెట్లు ఎక్కువ. కాబట్టి ‘56 శాతం సంతృప్తి’ అంటే బార్ట్ వాడే మనుషుల్లో 56 శాతం అని చదువుకోకూడదు. ఒక మామూలు రోజున రైల్లో కూర్చుని ఉన్నవాళ్లలో 56 శాతం అని చదువుకోవాలి. రోజూ ఎక్కేవాడి చిరాకూ, ఎప్పుడో ఎక్కేవాడి చిరాకూ ఒకలాంటివి కావు. అందుకే ఈ రెండు వాక్యాల మధ్య తేడా చిన్నదేమీ కాదు.

రెండో సంగతి, ఫారం తిరిగి ఇవ్వనివాళ్లు. బార్ట్ నివేదిక వీళ్లనూ రకాలుగా విడదీసి లెక్క చెబుతుంది. వద్దన్నవాళ్లు, భాష రానివాళ్లు, నిద్రపోతున్నవాళ్లు, నింపేలోగా తమ స్టేషన్ వచ్చి దిగిపోయినవాళ్లు. ఈ చిన్న జాబితాను కాస్త ఆగి చూడాలి. తెల్లవారుజాము రైల్లో నిద్రపోయేది ఎవరు? రాత్రి షిఫ్టు ముగించుకుని ఇంటికి వెళ్లేవాళ్లు కావచ్చు. ఫారం నింపేలోగా దిగిపోయేది ఎవరు? రెండు మూడు స్టేషన్ల దూరం వెళ్లేవాళ్లు. భాష రానివాళ్లు అన్న గడిలో ఎవరుంటారు? పిల్లల దగ్గరికి వచ్చి ఆరు నెలలుండి వెళ్లే, తెలుగు తప్ప మరో భాష చదవలేని అమ్మానాన్నలు కూడా ఉండొచ్చు. వీళ్లకు స్టేషన్లో బోర్డులు అర్థమయ్యాయో లేదో సర్వేకు తెలిసే దారి లేదు. జవాబివ్వనివాళ్లు తక్కువ కావడం ఒక్కటే చాలదు, వాళ్లు జవాబిచ్చినవాళ్ల లాంటివాళ్లే కావాలి. కాకపోతే ఎన్ని వేల ఫారాలు పోగేసినా ఆ లోటు పూడదు.

మూడోది, వాటాలు సరిచేయడం. రద్దీ వేళల్లో కిక్కిరిసిన బోగీలో సిబ్బంది అటూ ఇటూ కదలడమే కష్టం, ఫారాలు తక్కువగా వస్తాయి. మధ్యాహ్నం తీరిగ్గా కూర్చున్నవాళ్లు ఎక్కువగా నింపి ఇస్తారు. దీన్ని లెక్కలో సరిచేస్తారు. ఉదాహరణకు మొత్తం ప్రయాణాల్లో సగం రద్దీ వేళల్లో జరుగుతున్నాయనీ, మన చేతికి వచ్చిన ఫారాల్లో మాత్రం అవి 40 శాతమేననీ అనుకుందాం. అప్పుడు రద్దీ వేళ వచ్చిన ప్రతి ఫారాన్నీ 1.25గా, మిగతా ప్రతి ఫారాన్నీ సుమారు 0.83గా లెక్కవేస్తే వాటాలు అసలు ప్రయాణాలతో సరిపోతాయి. బార్ట్ కూడా రద్దీ వేళ, మామూలు వేళ, వారాంతం అన్న విభజనను బట్టి ఇలా సరిచేస్తుంది. ఈ సర్దుబాటు వేళలను సరిచేస్తుంది కానీ నిద్రపోయినవాణ్ణి లేపి అడగదు. నివేదికలో ‘వాటాలు సరిచేశాం’ అని కనిపిస్తే, ఏ విషయంలో సరిచేశారో, ఏది అలాగే వదిలేశారో చూసుకోవాలి.

మార్కు ఎలా తయారవుతుంది?

ఫారంలో ప్రధాన ప్రశ్నకు ఐదు జవాబులుంటాయి. చాలా సంతృప్తి, కొంత సంతృప్తి, అటూ ఇటూ కాదు, కొంత అసంతృప్తి, చాలా అసంతృప్తి. మొదటి రెండు గడుల్లో టిక్కు పెట్టినవాళ్లను కలిపితే వచ్చేదే ఆ 56, ఆ 72. వ్యాపార సంస్థలు చేయించే సర్వేల్లో కూడా ఎక్కువగా నడిచేది ఈ పద్ధతే.

ఇలా మధ్యలో గీత గీసి లెక్కపెట్టడం వల్ల మార్కు చాలా సున్నితంగా తయారవుతుంది. నూరు మందిలో పదమూడు మంది ‘కొంత సంతృప్తి’ నుంచి ‘అటూ ఇటూ కాదు’కి జరిగారనుకుందాం. ఒక్క మెట్టు దిగారంతే, ఎవరూ తిట్టుకోవడం లేదు. సంతృప్తి శాతం మాత్రం పదమూడు పాయింట్లు పడిపోతుంది. అవే జవాబులకు ఐదు నుంచి ఒకటి దాకా అంకెలు ఇచ్చి సగటు తీస్తే, అది పడేది 0.13 మాత్రమే. ఒకే సంఘటన ఒక కొలతలో కుప్పకూలినట్టు, మరో కొలతలో ఏమీ జరగనట్టు కనిపిస్తుంది. తిరగబడి కూడా జరగొచ్చు. ‘కొంత అసంతృప్తి’ ఉన్నవాళ్లంతా ‘చాలా అసంతృప్తి’లోకి వెళ్లిపోతే సంతృప్తి శాతం చుక్క కూడా కదలదు. అందువల్ల ఐదు గడుల్లో ఎవరెంతమందో పూర్తిగా చూపించని నివేదికను సగం నివేదిక అనే అనాలి.

ఇక మార్కు పక్కన ఉండే తప్పు హద్దు. ఐదు వేల మందిని అడిగితే, అందరూ విడివిడిగా లాటరీలో ఎంపికైనవాళ్లయితే, ఈ హద్దు అటూ ఇటూ 1.4 పాయింట్లు. అంటే అదే సర్వేను అదే పద్ధతిలో పదే పదే చేస్తే, నూటికి తొంభై ఐదు సార్లు మన మార్కు అసలు విలువకు 1.4 పాయింట్ల లోపే ఉంటుంది. కానీ ఇక్కడ మనుషులు విడివిడిగా ఎంపిక కాలేదు. బోగీలు బోగీలుగా ఎంపికయ్యారు. ఒక బోగీలో ఏసీ పనిచేయకపోతే అందులోని ఇరవై మందికీ ఒకేసారి చిరాకు. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తే తెలుస్తుంది, నిజమే. ఒకే మూల నుంచి ఇరవై మెతుకులు తీస్తే మాత్రం ఇరవై చోట్ల చూసినట్టు కాదు.

ఈ ప్రభావాన్ని లెక్కగట్టే సూత్రాన్ని సర్వే శాస్త్రవేత్త లెస్లీ కిష్ 1965 నాటి తన పుస్తకంతో అందరికీ పరిచయం చేశాడు. బోగీకి ఇరవై ఫారాల చొప్పున వచ్చాయనీ, ఒక బోగీలోని వాళ్ల జవాబుల మధ్య పోలిక 0.05 అనీ అనుకుంటే, లెక్క ఇలా ఉంటుంది.

1 + (20 − 1) × 0.05 = 1.95

అంటే మన ఐదు వేల ఫారాలు, విడివిడిగా తీసిన సుమారు 2,560 ఫారాలతో సమానం. తప్పు హద్దు 1.4 నుంచి దాదాపు 2 పాయింట్లకు పెరుగుతుంది. అయినా 56కీ 72కీ మధ్య దూరం ఈ హద్దుకు ఎన్నో రెట్లు. కాబట్టి ఆ పెరుగుదల సర్వే లాటరీలో అనుకోకుండా వచ్చింది కాదు, నిజంగా ఏదో మారింది. ఏం మారిందో చెప్పడం మాత్రం తప్పు హద్దు పని కాదు.

పట్టికను చీల్చి చూస్తే

ఇక్కడే క్రాస్ ట్యాబ్ కావాలి. మొత్తం మార్కును ఆదాయం, వయసు, ప్రయాణ వేళ, ఎంత తరచుగా ఎక్కుతారు అన్నవాటి వారీగా గళ్లు గళ్లుగా విడదీసి వేసిన పట్టిక అది. కోవిడ్ నాటి బార్ట్ నివేదికలో ఈ గళ్ల లోపల పెద్ద మార్పు కనిపిస్తుంది. 2018లో ఏడాదికి 50 వేల డాలర్ల లోపు ఆదాయం ఉన్న ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు ప్రయాణికుల్లో సుమారు నాలుగో వంతు. 2020లో వాళ్లు సుమారు సగం. కారణం తేలికగానే తెలుస్తుంది. ల్యాప్‌టాప్ మీద పనిచేసేవాళ్లు ఇళ్లలో ఉండిపోయారు. ఆసుపత్రుల్లో, వంటగదుల్లో, సరుకుల దుకాణాల్లో పనిచేసేవాళ్లకు ఇంట్లో కూర్చునే వీలు లేదు. చాలామందికి సొంత కారు కూడా లేదు. అంటే 2018లోనూ 2020లోనూ అడిగిన ప్రశ్న ఒకటే అయినా, అడిగింది ఒకే జనాన్ని కాదు.

ఈ మార్పు ఎంత దూరం తీసుకెళ్తుందో ఒక చిన్న లెక్కతో చూద్దాం. కింది వాటాలు పైన చెప్పిన సుమారు వాటాలే. ఒక్కో వర్గం లోపలి సంతృప్తి శాతాలు మాత్రం లెక్క అర్థం కావడానికి నేను అనుకున్నవి, బార్ట్ నివేదికలోవి కావు.

| వర్గం | 2018 వాటా | 2018 సంతృప్తి | 2020 వాటా | 2020 సంతృప్తి |
|---|---|---|---|---|
| ఎక్కువ ఆదాయం | 75% | 50% | 50% | 60% |
| తక్కువ ఆదాయం | 25% | 74% | 50% | 84% |
| మొత్తం | 100% | 56% | 100% | 72% |

మొత్తం వరుస చూస్తే పదహారు పాయింట్ల పెరుగుదల. వర్గాల వరుసలు చూస్తే 50 నుంచి 60, 74 నుంచి 84. ఏ వర్గంలోనూ పెరిగింది పది పాయింట్లకు మించలేదు. మరి ఆ మిగతా ఆరు పాయింట్లు? అవి ఎవరి మనసు మారినందువల్లా రాలేదు. మొదటి నుంచీ ఎక్కువ సంతృప్తితో ఉన్న వర్గం వాటా పెరిగినందువల్ల వచ్చాయి. 2018 నాటి సంతృప్తి శాతాలనే ఉంచి, వాటాలు మాత్రం సగం సగం చేసి చూడండి. 50లో సగం 25, 74లో సగం 37, మొత్తం 62. ఒక్క మనిషి అభిప్రాయం కూడా మారకుండానే 56 కాస్తా 62 అయింది.

దీనికి విరుగుడు కూడా ఈ పట్టికలోనే ఉంది. కొత్త సంతృప్తి శాతాలను పాత వాటాలతో కలపాలి. 60లో ముప్పాతిక వంతు 45, 84లో పావు వంతు 21, మొత్తం 66. జనం కూర్పు మారకుండా ఉండి ఉంటే మార్కు 66 అయ్యేది. 56 నుంచి 66, అదే అభిప్రాయంలో వచ్చిన మార్పు. జనాభా గణాంకాల్లో రెండు ఊళ్ల మరణాల రేట్లు పోల్చేటప్పుడు వయసుల తేడాను ఇలాగే సరిచేస్తారు. ముసలివాళ్లు ఎక్కువున్న ఊరికి అనారోగ్యపు ఊరన్న పేరు రాకుండా చేసే లెక్కే ఇది. సంతృప్తి సర్వేలకు కూడా ఇది అంతే అవసరం. వాటాలు మారిన ఏడాది నివేదికలో మొత్తం మార్కు పక్కన ఈ రెండో మార్కు కూడా ఉండాలని పాఠకుడు అడగాలి.

ఇదే లెక్కను ఇంకాస్త సాగదీస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 2020లో రెండు వర్గాలూ అసలు మెరుగుపడకుండా, చెరో రెండు పాయింట్లు దిగజారాయనుకోండి. 50 కాస్తా 48, 74 కాస్తా 72. సగం సగం వాటాలతో మొత్తం 60. ప్రతి వర్గంలోనూ సంతృప్తి తగ్గింది, అయినా మొత్తం మార్కు 56 నుంచి 60కి పెరిగింది. గణాంకశాస్త్రంలో దీన్ని సింప్సన్ వైరుధ్యం అంటారు. ఎడ్వర్డ్ సింప్సన్ 1951లో రాసిన వ్యాసం వల్ల ఆ పేరు స్థిరపడింది. ఇది లెక్కల గారడీ ఏమీ కాదు. వాటాలు బలంగా మారిన ఏ సర్వేలోనైనా జరగగలదు. జరిగిందో లేదో తెలుసుకోవాలంటే వర్గాల వారీ వరుసలు చూడడమే దారి.

అయితే ఆ పదహారు పాయింట్లూ కూర్పు మాయేనని తేల్చేయడం కూడా తొందరపాటే. 2020లో రైళ్లు నిజంగానే ఖాళీగా ఉన్నాయి, సీట్లు దొరికాయి. బోగీల్ని మునుపటి కంటే ఎక్కువగా శుభ్రం చేశారు. ఒకే వర్గం లోపల కూడా సంతృప్తి పెరగడానికి తగిన కారణాలున్నాయి. క్రాస్ ట్యాబ్ చేసే మేలు ఇదే. మొత్తం మార్కులో కలిసిపోయిన రెండు రకాల మార్పుల్ని, మనుషులు మారడాన్నీ మనసులు మారడాన్నీ, విడదీసి చూపిస్తుంది.

పట్టిక చదవడంలో పొరపాట్లు

క్రాస్ ట్యాబ్ చేతికి వచ్చాక జరిగే పొరపాట్లు ముఖ్యంగా రెండు. మొదటిది అడ్డ శాతాన్ని, నిలువు శాతాన్ని కలగలిపేయడం. పై పట్టికలో 2018 నాటి నూరు మందిని తీసుకుందాం. సంతృప్తి చెప్పనివాళ్లు 44 మంది. అందులో ఎక్కువ ఆదాయ వర్గం వాటా 37.5, అంటే దాదాపు 85 శాతం. ‘సంతృప్తి చెప్పనివాళ్లలో 85 శాతం మంది బాగా సంపాదించేవాళ్లే’ అని శీర్షిక పెడితే తప్పు లేదు కానీ, వాళ్లంతా రైలు మీద కత్తికట్టినట్టు వినిపిస్తుంది. వాళ్లలో నిజంగా సంతృప్తి చెప్పనివాళ్లు సగం మందే. ప్రయాణికుల్లోనే వాళ్లు ముప్పాతిక వంతు ఉన్నప్పుడు, ఫిర్యాదుల్లో వాళ్ల వాటా పెద్దదిగా కనిపించడం సహజం. శాతం కనిపించగానే ‘దేనిలో ఇంత శాతం’ అని అడగాలి. పట్టికలో ఏ వైపు కూడితే నూరు వస్తుందో చూస్తే జవాబు దొరుకుతుంది.

రెండోది, గళ్లను మరీ చిన్నగా కోయడం. ఐదు వేల ఫారాలు చాలా పెద్ద సంఖ్యే. కానీ వారాంతపు రాత్రి వేళ, పాతికేళ్ల లోపు, తక్కువ ఆదాయం, మహిళలు అంటూ కోసుకుంటూ పోతే చివరి గడిలో నలభై మంది మిగలొచ్చు. నలభై మందితో తప్పు హద్దు అటూ ఇటూ 15 పాయింట్ల పైమాటే. ఆ గడిలో పది పాయింట్ల తేడా కనిపించినా దాని మీద నిర్ణయాలు కట్టకూడదు. పైగా ఒక నివేదికలో ఇలాంటి పోలికలు నూరు ఉంటే, నిజంగా ఏ తేడా లేకపోయినా సుమారు ఐదు గళ్లు తేడా ఉన్నట్టు మెరుస్తాయి. తొంభై ఐదు శాతం నమ్మకం అన్నదానికి అసలు అర్థమే అది. అందుకే మంచి నివేదిక ప్రతి గడికింద ఎంతమంది ఉన్నారో రాస్తుంది, సంఖ్య చాలనప్పుడు ఆ గడికి హెచ్చరిక గుర్తు పెడుతుంది.

ఏది సరిచేయాలి?

సంతృప్తి సర్వే చేయించేది మార్కు కోసమే కాదు, డబ్బు ఎక్కడ ఖర్చుపెట్టాలో తెలుసుకోవడానికి. బార్ట్ ఫారంలో రైళ్లు వేళకు రావడం, బోగీల శుభ్రత, సీట్లు, పోలీసులు కనిపించడం, ఎలివేటర్లు పనిచేయడం లాంటి పదుల కొద్దీ అంశాలకు ఒకటి నుంచి ఏడు దాకా మార్కులు అడుగుతారు. ఆ తర్వాత ఒక నాలుగు గదుల బొమ్మ గీస్తారు. ఒక వైపు ప్రతి అంశానికి వచ్చిన మార్కు, రెండో వైపు దాని ప్రాముఖ్యం. మార్కు తక్కువ, ప్రాముఖ్యం ఎక్కువ ఉన్న గదిలో పడిన అంశాలే ముందుగా సరిచేయవలసినవి.

ప్రాముఖ్యాన్ని ప్రయాణికుణ్ణి నేరుగా అడగరు, లెక్కవేసి రాబడతారు. ఒక అంశానికి తక్కువ మార్కు వేసినవాళ్లే మొత్తం మీద అసంతృప్తి చెబుతుంటే, రెండింటికీ సంబంధం బలంగా ఉన్నట్టు. ఆ సంబంధం బలమే ప్రాముఖ్యం. నేరుగా అడిగితే అన్నీ ముఖ్యమే అంటారు కాబట్టి ఈ దారి తెలివైనదే. కానీ దీనికి ఒక గుడ్డి చోటు ఉంది. అందరూ ఒకేలా మార్కు వేసే అంశానికి, మొత్తం సంతృప్తితో సంబంధం కనిపించదు. తలుపులు వేళకు సరిగ్గా మూసుకోవడం గురించి అందరూ ఆరో ఏడో వేస్తే, సంఖ్యల్లో కదలికే ఉండదు, లెక్కలో అది ‘ముఖ్యం కాని’ గదిలో పడుతుంది. ఆ బొమ్మ చూసి తలుపుల నిర్వహణ ఖర్చు తగ్గిస్తే, తలుపులు మొరాయించిన మరునాడే అది అన్నింటికన్నా ముఖ్యమైన అంశమైపోతుంది. ఆ బొమ్మ చెప్పేది ఈ రోజు ప్రయాణికుల్ని విడదీస్తున్న అంశాలేవో. అవసరమైనవన్నీ అందులో కనిపించవు.

పరిమితులు చెప్పేది ఎందుకు?

నివేదిక చివర ‘పరిమితులు’ అన్న భాగం చాలాసార్లు నాలుగు వాక్యాల తంతుగా ముగుస్తుంది. నిజానికి మార్కును ఎంత దూరం నమ్మవచ్చో చెప్పే హద్దు రాళ్లు అక్కడే ఉంటాయి. బార్ట్ లాంటి సర్వేకు అన్నింటికన్నా పెద్ద పరిమితి మరొకటి ఉంది. రైల్లో అడిగే సర్వే రైలు మానేసినవాణ్ణి ఎప్పటికీ కలవలేదు. విసిగిపోయి కారు కొనుక్కున్న మనిషి 2016లో అసంతృప్తుల లెక్కలో ఉండి, 2018లో ఏ లెక్కలోనూ ఉండడు. అతను వెళ్లిపోగానే మిగిలినవాళ్లలో సంతృప్తి శాతం కాస్త పెరుగుతుంది. అంటే ప్రయాణికుల్ని పోగొట్టుకోవడమే మార్కుకు మేలు చేసే పరిస్థితి. దీన్ని పట్టుకోవడానికి రెండు పనులు చేయాలి. సంతృప్తి మార్కును ఎప్పుడూ ప్రయాణికుల సంఖ్యతో కలిపి చూడాలి. వీలైతే మానేసినవాళ్లను ఇళ్ల దగ్గర విడిగా అడగాలి. మార్కు పెరుగుతూ సంఖ్య తగ్గుతుంటే సంబరం వాయిదా వేసుకోవాలి.

ఇదంతా చేతిలో పెట్టుకుని బార్ట్ తర్వాతి సర్వేకు వద్దాం. 2022లో సంతృప్తి 67 శాతం. 72 నుంచి ఐదు పాయింట్లు తగ్గింది. సంస్థ మళ్లీ దిగజారుతోందని రాయడం సులువు. కానీ అప్పటికి ఆఫీసులకు వెళ్లేవాళ్లు కొంత మేర తిరిగొచ్చారు. మన ఊహా పట్టికలో 2020 నాటి 60, 84 శాతాలను అలాగే ఉంచి, వాటాలు మాత్రం 70, 30గా మార్చి చూడండి. 42కి 25.2 కలిపితే 67.2. ఎవరి అభిప్రాయమూ మారకపోయినా ఐదు పాయింట్లు తగ్గిపోవచ్చు. నిజంగా అలాగే జరిగిందని ఈ లెక్క నిరూపించదు. అలా జరగలేదని చెప్పాలంటే మాత్రం వర్గాల వారీ పట్టిక చూపించాలి. 2020లో పెరిగినప్పుడు ఆ పట్టిక అడిగితేనే, 2022లో తగ్గినప్పుడు అడగడం న్యాయం. మార్కు నచ్చినా నచ్చకపోయినా ఒకే కొలతతో చదివేవాళ్లకే ఈ నివేదికలు పనికొస్తాయి.

కాబట్టి ఈసారి మీ బ్యాంకో, ఆసుపత్రో, సిటీ బస్సు సంస్థో ‘సంతృప్తి ఇన్ని పాయింట్లు పెరిగింది’ అని ప్రకటించినప్పుడు నాలుగు ప్రశ్నలు అడగండి. కిందటిసారి అడిగినలాంటి వాళ్లనే ఈసారి కూడా అడిగారా? పాత వాటాలతో లెక్కిస్తే మార్కు ఎంత? మీరు గొప్పగా చూపిస్తున్న గడిలో ఎంతమంది ఉన్నారు? ఈ మధ్యలో మానేసి వెళ్లిపోయినవాళ్లు ఎందరు? ఈ నాలుగింటికీ నివేదికలో జవాబుంటే ఆ పెరుగుదలను నమ్మవచ్చు. లేకపోతే, ఆ సంస్థ బాగుపడిందో, దాని ముందు నిలబడిన జనమే మారిపోయారో చెప్పే ఆధారం ఆ నివేదికలో లేనట్టే.